డ్యూటీ చార్ట్‌లో ఒకే మనిషి రెండు చోట్ల పడినా, రెస్ట్ తగ్గినా రంగు మారేలా చేయడం ఎలా?

గోదారి_సిస్టర్

నర్సాపురంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో సిస్టర్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను. ప్రతి శనివారం వచ్చే వారం డ్యూటీ చార్ట్ ఎక్సెల్‌లో నేనే వేస్తాను. మా షీటు ఇలా ఉంటుంది. A కాలమ్‌లో పోస్టు (జనరల్ వార్డు, లేబర్ రూం, ఐసీయూ, క్యాజువాలిటీ, ఓటీ). B లో డ్యూటీ మొదలయ్యే టైము, C లో ముగిసే టైము. D నుంచి J దాకా సోమవారం నుంచి ఆదివారం. నాలుగో వరుస నుంచి ఎనిమిది దాకా మార్నింగ్, తొమ్మిది నుంచి పదమూడు దాకా ఆఫ్టర్‌నూన్, పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా నైట్. మార్నింగ్ 8 నుంచి 2, ఆఫ్టర్‌నూన్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి పొద్దున్న 8. గళ్లలో సిస్టర్ల పేర్లు.

ఇద్దరు ముగ్గురు సెలవు పెట్టినప్పుడు పేర్లు అటూ ఇటూ మారుస్తాం కదండీ, అక్కడే వస్తోంది తంటా. నాగమణి ఒకే నైట్ లేబర్ రూంలోనూ, జనరల్ వార్డులోనూ ఉంటుంది. మేరీ ఆదివారం నైట్ చేసి సోమవారం మధ్యాహ్నం మళ్లీ డ్యూటీలో ఉంటుంది. కాగితం గోడకు అతికించాక గానీ ఎవరికీ కనపడదు. పేరు టైపు చేయగానే ఆ గడి ఎర్రగా మారే పద్ధతి ఉందా?

పాలకొల్లు_బాబు

చాలా తేలికండి. పేర్లున్న గళ్లన్నీ సెలెక్ట్ చేసి Conditional Formatting లో Highlight Cells Rules, అందులో Duplicate Values నొక్కండి. రెండుసార్లు ఉన్న పేరు ఎర్రబడుతుంది. ఫార్ములా అక్కర్లేదు.

గోదారి_సిస్టర్

చేశానండి. షీటంతా ఎర్రగా అయిపోయింది. ఒక సిస్టర్ వారానికి ఐదారు డ్యూటీలు చేస్తుంది కదా, ప్రతి పేరూ డూప్లికేటే.

పాలకొల్లు_బాబు

ఆయ్, అది నిజమే. అయితే ఒక్కో రోజు కాలమ్ విడిగా సెలెక్ట్ చేసి ఏడుసార్లు పెట్టండి. అప్పుడు ఆ రోజు వరకే చూస్తుంది.

చెరువుగట్టు

మాకూ ఇదే గొడవ. ఆకివీడు దగ్గర నాలుగు రొయ్యల చెరువులు, రాత్రిపూట ఏరేటర్లు చూసుకోడానికి ఆరుగురు మనుషులు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఆ టైములో మోటారు ఆగితే పని అయిపోయినట్టే. నాకు ఒక చెరువుకి ఇద్దరు పడితే చెప్పే రంగు కావాలి. మా షీటులో వరుసకి ఒక మనిషి, గడిలో చెరువు నంబరు వేస్తాను. పైన చెప్పింది పనికొస్తుందా?

ఉండిరోడ్డు

చెరువుగట్టు గారూ, మీ సంగతి వేరు. మీకు మనిషి వరుసలో ఉన్నాడు, కాబట్టి ఒక రోజుకి ఒక మనిషికి ఒకే గడి. ఒకరు రెండు చోట్ల పడటం మీ షీటులో రాయడానికే కుదరదు. మీకు కావాల్సింది ఒక చెరువుకి ఇద్దరు పడటం, లేదా ఎవరూ లేకపోవడం. దాని గురించి తర్వాత రాస్తాను. ముందు సిస్టర్ గారిది చూద్దాం.

నేను భీమవరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో షిఫ్టు చార్టులు వేస్తాను. సిస్టర్ గారికి రెండు పనులు విడివిడిగా కావాలి. ఒకే టైములో రెండు చోట్ల ఉండటం ఒకటి, రెండు డ్యూటీల మధ్య రెస్ట్ తగ్గడం ఇంకొకటి. వీటికి రెండు రంగులు పెట్టుకోండి. మొదటిది కచ్చితంగా తప్పు, దాన్ని మార్చక తప్పదు. రెండోదాన్ని ఒక్కోసారి తెలిసే ఒప్పుకుంటాం.

ముందు రెండు మార్పులు చేయండి.

టైముల్ని గడియారం టైములా కాకుండా ఉత్త అంకెలుగా రాయండి. మార్నింగ్ 8, 14. ఆఫ్టర్‌నూన్ 14, 20. నైట్ 20, 32. పొద్దున్న 8 అంటే మర్నాటి ఎనిమిది, అంటే 24కి మీద 8, మొత్తం 32. నైట్ ముగింపు 8 అని రాస్తే మొదలుకన్నా ముగింపు ముందొచ్చి ఏ లెక్కా కుదరదు.

రెండోది, సోమవారానికి ముందు ఒక కాలమ్ చొప్పించి అందులో పోయిన ఆదివారం పేర్లు పెట్టండి. ఇప్పుడు D పోయిన ఆదివారం అవుతుంది, E నుంచి K దాకా సోమ నుంచి ఆది. ఇది లేకపోతే ఆదివారం నైట్ చేసి సోమవారం వచ్చిన మేరీని ఏ ఫార్ములా పట్టుకోలేదు. వారం మొదటి రోజుకి వెనక రోజు షీటులోనే ఉండదు కదా.

ఇప్పుడు E4 నుంచి K18 దాకా సెలెక్ట్ చేయండి. E4 దగ్గర మొదలుపెట్టి కిందకి లాగండి, కింద నుంచి పైకి వద్దు. Conditional Formatting, New Rule, Use a formula అన్నదాంట్లో ఇది వేసి ఎరుపు ఇవ్వండి.

```
=AND(E4<>"",SUMPRODUCT((E$4:E$18=E4)*($B$4:$B$18<$C4)*($C$4:$C$18>$B4))>1)
```

ఆ రోజు కాలమ్‌లో అదే పేరున్న గళ్లలో, ఈ డ్యూటీ ముగిసేలోపు మొదలై, ఈ డ్యూటీ మొదలయ్యాక ముగిసేవి ఎన్నో లెక్కపెడుతుంది. తనని తాను కూడా లెక్కేసుకుంటుంది కాబట్టి ఒకటి మామూలే. ఒకటి దాటితే ఢీకొట్టినట్టు.

పాలకొల్లు_బాబు

ఇంత పెద్దది ఎందుకండీ? COUNTIF చాలు.

```
=COUNTIF(E$4:E$18,E4)>1
```

ఉండిరోడ్డు

అది ఒకే రోజు రెండు డ్యూటీలు ఉంటే చాలు, ఎర్రబెడుతుంది. పొద్దున్న 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 చేసే ఆయా ఉంటే ఆవిడ రోజూ ఎరుపులోనే ఉంటుంది. రోజూ ఎర్రగా ఉన్న గడిని నాలుగో రోజు నుంచి ఎవరూ చూడరు. ముక్కల డ్యూటీలు లేని చోట మీది సరిపోతుంది, కాదనను.

గోదారి_సిస్టర్

వేశానండి. నాగమణిని కావాలనే మంగళవారం నైట్ లేబర్ రూంలోనూ, జనరల్ వార్డులోనూ పెట్టి చూశాను. రంగు రాలేదు. పాలకొల్లు బాబు గారిది వేస్తే వస్తోంది.

పాలకొల్లు_బాబు

చూశారా!

ఉండిరోడ్డు

సిస్టర్ గారూ, B, C కాలమ్స్‌లో టైము ప్రతి వరుసలోనూ ఉందా, లేక ఐదు వరుసలకి కలిపి ఒకే పెద్ద గడిగా చేసి మధ్యలో రాశారా? ఒక ఖాళీ గడిలో `=B15` అని కొట్టి ఏమొస్తుందో చెప్పండి.

గోదారి_సిస్టర్

ఐదింటికీ కలిపే ఉందండి, చూడటానికి నీట్‌గా ఉంటుందని. =B15 కొడితే 0 వచ్చింది.

ఉండిరోడ్డు

అదే కారణం. గళ్లు కలిపితే విలువ పై గడిలోనే ఉంటుంది, కింద నాలుగూ ఖాళీ. కంటికి 20 అన్నది ఐదు వరుసల పక్కనా ఉన్నట్టే కనపడుతుంది గానీ, ఫార్ములాకి 15వ వరుస డ్యూటీ సున్నాకి మొదలై సున్నాకి ముగుస్తోంది. సున్నా గంటల డ్యూటీ దేనితోనూ ఢీకొట్టదు. COUNTIF కి టైములతో పని లేదు కాబట్టి అది పట్టుకుంది.

Merge తీసేసి ప్రతి వరుసలోనూ అంకె రాయండి. చూపుకి బాగా లేదనుకుంటే, కింద నాలుగు గళ్లకీ Format Cells, Custom లో `;;;` అని పెట్టండి. అంకె ఉంటుంది, కనపడదు.

గోదారి_సిస్టర్

వచ్చిందండీ! రెండు గళ్లూ ఎర్రబడ్డాయి. ఇప్పుడు రెస్ట్ సంగతి చెప్పండి.

పాలకొల్లు_బాబు

ఇది నేను చెప్తాను. నిన్నటి చివరి ముగింపు MAXIFS తో తీసుకుని, ఈరోజు మొదలుకి 24 కలిపి అందులోంచి తీసేయడమే. మనం దించుకునే రెడీమేడ్ చార్టుల్లో 11 గంటలని ఉంటుంది.

```
=AND(E4<>"",$B4+24-MAXIFS($C$4:$C$18,D$4:D$18,E4)<11)
```

గోదారి_సిస్టర్

ఏమీ రంగు రావట్లేదు. మాది ఎక్సెల్ 2010.

ఉండిరోడ్డు

బాబు గారి లెక్క సరైనదే. ఆ MAXIFS మాత్రం 2019 నుంచి వచ్చింది. పాతదాంట్లో మామూలు గడిలో వేస్తే #NAME? అని తిడుతుంది. రంగు రూల్‌లో తప్పొస్తే ఎక్సెల్ దాన్ని ‘కాదు’ అనే లెక్కేసుకుని ఊరుకుంటుంది. అందుకే రూల్ పనిచేయకపోతే అదే ఫార్ములాని E24 గడిలో వేసి K38 దాకా లాగి చూడండి. ఎక్కడ TRUE, ఎక్కడ FALSE, ఎక్కడ తప్పు అన్నది కళ్లముందు ఉంటుంది. రంగు గడి కారణం చెప్పదు.

పాత ఎక్సెల్‌కి ఇది వాడండి. 11ని ఫార్ములాలో పాతిపెట్టకుండా M1 గడిలో పెట్టుకోండి.

```
=AND(E4<>"",$B4+24-SUMPRODUCT(MAX((D$4:D$18=E4)*$C$4:$C$18))<$M$1)
```

మేరీ లెక్క చూడండి. ఆదివారం నైట్ ముగింపు 32. సోమవారం ఆఫ్టర్‌నూన్ మొదలు 14. 14కి 24 కలిపితే 38, అందులోంచి 32 తీస్తే 6. 11 కన్నా తక్కువ కాబట్టి సోమవారం గడి పసుపు రంగుకి మారుతుంది. నిన్న అసలు డ్యూటీ లేకపోతే MAX సున్నా ఇస్తుంది, 14+24 అంటే 38, ఏ గొడవా లేదు. ఒకవేళ జవాబు సున్నాకన్నా తక్కువ వస్తే నిన్నటి నైట్ ముగియకముందే ఈరోజు డ్యూటీ మొదలైనట్టు. దాన్నీ ఇదే పట్టుకుంటుంది.

రంగు ఎప్పుడూ రెండో డ్యూటీ గడికే వస్తుంది. మార్చాల్సింది సాధారణంగా దాన్నే కదా.

తూర్పుగాలి

ఈ 11 గంటలు ఎక్కడివి? మన దగ్గర అలాంటి రూలు ఉందా? ఊరికే పెట్టి చూపిస్తే మేనేజిమెంటు నవ్వుతుంది.

ఉండిరోడ్డు

మంచి ప్రశ్న. అది యూరప్ లెక్క. అక్కడ పని గంటల మీద 2003 నాటి ఆదేశంలో, ఏ 24 గంటల్లో అయినా వరసగా 11 గంటల రెస్ట్ ఉండాలని ఉంది. బ్రిటన్‌లో 1998 నిబంధనల్లోనూ అంతే. ఆ దేశాల వాళ్లు చేసిన చార్టులు మనం దించుకుంటాం కాబట్టి ఆ అంకె కూడా వాటితోపాటే వస్తుంది. మీ హాస్పిటల్ ఎంత అనుకుంటే అంత M1లో పెట్టుకోండి. కాకపోతే 8, 14, 20 టైములకి 11 బాగానే కుదురుతుంది. ఆఫ్టర్‌నూన్ తర్వాత మర్నాడు మార్నింగ్ వేస్తే గ్యాప్ 12, రంగు రాదు. నైట్ దిగిన రోజే ఆఫ్టర్‌నూన్ వేస్తే 6, వస్తుంది. 13 పెడితే ఆఫ్టర్‌నూన్ నుంచి మార్నింగ్‌కి వచ్చేవాళ్లంతా, నైట్ మీద నైట్ చేసేవాళ్లంతా పసుపులో పడతారు. ఇక ఆ రంగుకి విలువ ఉండదు.

గోదారి_సిస్టర్

బాగా పనిచేస్తోంది. ఒక్క సంగతి. దుర్గ బుధవారం మార్నింగ్ చేసి అదే రోజు నైట్‌కి వస్తుంది. మధ్యలో ఆరు గంటలే. ఎరుపూ రాలేదు, పసుపూ రాలేదు.

పాలకొల్లు_బాబు

నా COUNTIF ఉంటే దొరికేది.

ఉండిరోడ్డు

దొరికేది, ఒప్పుకుంటాను. మార్నింగ్, నైట్ ఢీకొట్టవు కాబట్టి ఎరుపు రాదు. పసుపు రూల్ వెనకరోజునే చూస్తుంది, అదే రోజు పై వరుసల్ని చూడదు. దీనికి మూడో రూల్ కావాలి, రంగు అదే పసుపు.

```
=AND(E4<>"",SUMPRODUCT((E$4:E$18=E4)*($C$4:$C$18<=$B4)*($B4-$C$4:$C$18<$M$1))>0)
```

ఈ డ్యూటీకి ముందే ముగిసిన డ్యూటీ అదే రోజు అదే పేరుతో ఉందా, మధ్య గ్యాప్ M1 కన్నా తక్కువా అని చూస్తుంది. దుర్గకి 20 లోంచి 14 పోతే 6. నైట్ గడి పసుపు అవుతుంది. మార్నింగ్ మీదనే ఆఫ్టర్‌నూన్ కూడా వేస్తే గ్యాప్ 0, అదీ కనపడుతుంది.

ముక్కల డ్యూటీ చేసే ఆయాలు మాత్రం ఇందులో పసుపులో పడతారు. వాళ్లకి వేరే షీటు పెట్టడమే నేను చేసేది. ఒకే ఫార్ములాలో వాళ్లని మినహాయించబోయి నేను ఎప్పుడూ సుఖపడలేదు.

తూర్పుగాలి

గ్యాప్ 12 అంటే కాగితం మీద 12. గోదారి అవతల సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద దాటి వచ్చే సిస్టర్‌కి రాత్రి 8కి డ్యూటీ దిగి, కేసులు అప్పజెప్పి, రేవుకి పోయి, అవతల ఆటో పట్టుకుని ఇంటికెళ్లేసరికి ఎంతవుతుంది? పొద్దున్న 8కల్లా మళ్లీ ఇవతల ఉండాలి. మీ రంగు ఆ సంగతి చూస్తుందా?

గోదారి_సిస్టర్

నిజమేనండి. మాకు అవతలి వాళ్లు ఇద్దరున్నారు. ఆఫ్టర్‌నూన్ చేస్తే చాలాసార్లు డ్యూటీ రూంలోనే పడుకుంటారు.

ఉండిరోడ్డు

చూసేలా చేయొచ్చు. O4 నుంచి O25 దాకా సిస్టర్ల పేర్ల జాబితా పెట్టి, పక్కన P లో ఆ మనిషికి అదనంగా ఎన్ని గంటలు కావాలో రాయండి. ఊళ్లో వాళ్లకి ఖాళీ, పంటు దాటేవాళ్లకి 2. రెండు పసుపు రూల్స్‌లోనూ `$M$1` ఉన్న చోట ఇది పెట్టండి.

```
$M$1+SUMIF($O$4:$O$25,E4,$P$4:$P$25)
```

అప్పుడు ఆవిడకి హద్దు 13 అవుతుంది. ఆఫ్టర్‌నూన్ తర్వాత మార్నింగ్ వేస్తే గ్యాప్ 12, పసుపు వస్తుంది. ఊళ్లో ఉన్న నాగమణికి అదే డ్యూటీ వేస్తే రాదు. నైట్ మీద నైట్ వేసినా ఆవిడకి పసుపే వస్తుంది, అది కావాలో వద్దో మీరు చూసుకోండి.

ఆ O జాబితానే Data Validation లో List గా పెట్టి పేర్లు అందులోంచే ఎంచుకునేలా చేయండి. ఎందుకంటే ‘కె. దుర్గ’, ‘కె.దుర్గ’ మనకి ఒకటే, ఎక్సెల్‌కి ఇద్దరు. పేరు చివర ఒక ఖాళీ పడినా అంతే. ఇద్దరు దుర్గలుంటే జాబితాలోనే తేడాగా రాయండి. మనిషి లేని గడిలో ‘ఖాళీ’ అని గానీ, గీత గానీ పెట్టొద్దు, ఆ ‘ఖాళీ’ అనే ఆవిడ ఒకే టైములో నాలుగు వార్డుల్లో ఉందని ఎర్రబెడుతుంది.

గోదారి_సిస్టర్

అందుకేనా నైట్‌లో ఓటీ, క్యాజువాలిటీ వరుసలు ఎర్రగా ఉన్నాయి! గీతలు తీసేశాను, పోయింది.

పాలకొల్లు_బాబు

నాదొక అనుభవం. ఇలాంటి రూల్స్ పెట్టిన షీటు మా షాపులో రెండు నెలలు బాగానే ఉంది, తర్వాత ఎక్కడ పడితే అక్కడ రంగులు. Manage Rules లో చూస్తే ఒకే రూల్ ముక్కలు ముక్కలుగా చాలాసార్లు ఉంది.

ఉండిరోడ్డు

పేర్లని మౌస్‌తో ఒక గడిలోంచి ఇంకో గడిలోకి లాగితే అలా అవుతుంది. గడితో పాటు రూల్ కూడా కదులుతుంది, దాంతో Applies to లో ఉండే హద్దు ముక్కలవుతుంది. పేర్లు మార్చుకోవాలంటే మళ్లీ టైపు చేయండి, లేదా Paste Special లో Values గా అతికించండి. ఇప్పటికే ముక్కలైతే అన్నీ తీసేసి మూడు రూల్స్ మళ్లీ పెట్టడమే తక్కువ పని. ఎరుపు పైన ఉండాలి, దాని పక్కన Stop If True టిక్ పెట్టాలి. రెండు తప్పులూ ఉన్న గడికి అప్పుడు ఎరుపే కనపడుతుంది. హద్దు మూడింటికీ `=$E$4:$K$18` అని ఉందో లేదో చూడండి.

తూర్పుగాలి

మీరు చార్టు జిరాక్స్ తీసి గోడకి అంటిస్తారు కదా. జిరాక్స్‌లో ఎరుపూ పసుపూ ఒకే బూడిద రంగు.

ఉండిరోడ్డు

ఆ రూల్‌లోనే ఎరుపుకి బోల్డ్, పసుపుకి అండర్‌లైన్ కూడా ఇవ్వండి. అయినా గోడకెక్కే చార్టులో ఎరుపు ఉండకూడదు కదండీ, అంతకుముందే తీసేయాలి. పసుపు ఉండిపోతే ఎందుకు ఉంచారో అడిగినవాళ్లకి చెప్పగలగాలి.

చెరువుగట్టు

మా చెరువుల సంగతి రాస్తానన్నారు.

ఉండిరోడ్డు

గుర్తుంది. మీ మనుషులు 4 నుంచి 9 వరుసల్లో, రోజులు B నుంచి H దాకా అనుకుందాం. ఒక చెరువుకి ఇద్దరు పడితే పట్టుకోడానికి B4 నుంచి H9 దాకా సెలెక్ట్ చేసి ఇది వేయండి.

```
=AND(B4<>"",COUNTIF(B$4:B$9,B4)>1)
```

మీ దగ్గర అందరిదీ ఒకే రాత్రి డ్యూటీ కాబట్టి, పాలకొల్లు బాబు గారి COUNTIF మీకు సరిగ్గా సరిపోతుంది. ఎవరూ లేని చెరువు మాత్రం దీనికి దొరకదు, లేని గడికి రంగు వేయలేం. 11 నుంచి 14 వరుసల్లో A కాలమ్‌లో చెరువు నంబర్లు 1 నుంచి 4 రాసుకుని, పక్కన B11లో `=COUNTIF(B$4:B$9,$A11)` వేసి H14 దాకా లాగండి. అక్కడ సున్నా ఉన్న గడికి ఎరుపు.

చెరువుగట్టు

ఒక్కోరోజు ఒకే మనిషి రెండు చెరువులు చూసుకుంటాడు, గడిలో ‘2,3’ అని వేస్తాను. అప్పుడు?

ఉండిరోడ్డు

అప్పుడు కుదరదు. ‘2,3’ అన్నది షీటుకి 2 కాదు, 3 కాదు, మూడో మాట. చెరువు వరుసలో, మనిషి గడిలో వచ్చేలా, సిస్టర్ గారి చార్టులా తిప్పి వేసుకోండి.

చెరువుగట్టు

తిప్పితే మా వాళ్లకి అర్థం కాదండి. తన పేరు పక్కన చూసుకోవడం అలవాటు. చూస్తాను.

గోదారి_సిస్టర్

నాకు ఇంకొకటి మిగిలింది. మా హాస్పిటల్‌కే రోడ్డవతల స్కానింగ్ సెంటర్ ఉంది, దాని చార్టు వేరే ఆవిడ వేరే ఫైలులో వేస్తారు. ఇద్దరు సిస్టర్లు రెండు చోట్లా చేస్తారు. అక్కడ ఉన్న పేరు ఇక్కడ పడితే ఎర్రబడేలా చేయొచ్చా?

పాలకొల్లు_బాబు

రెండూ గూగుల్ షీట్స్‌లో ఒకే ఫైలులో పెట్టేయండి. ఫార్ములాలు ఇవే పనిచేస్తాయి, Custom formula is అన్న చోట వేయాలి. అక్కడైతే ఆ MAXIFS కూడా నడుస్తుంది.

ఉండిరోడ్డు

పనిచేస్తాయి గానీ, గూగుల్‌లో రంగు రూల్ లోంచి వేరే షీటుని నేరుగా చూడలేం, INDIRECT లో చుట్టాలి. దానికన్నా స్కానింగ్ సెంటర్ వరుసల్ని కూడా మీ షీటులోనే 19 నుంచి పెట్టి, ఫార్ములాల్లో 18 ఉన్న చోటల్లా కొత్త చివరి వరుస నంబరు వేసి, Applies to కూడా అక్కడిదాకా పెంచితే సరిపోతుంది. దానికి ఆవిడ ఒప్పుకోవాలి మరి.

గోదారి_సిస్టర్

ఆవిడ ఎక్సెల్ వాడరండి. పుస్తకంలో రాసి వాట్సాప్‌లో ఫోటో పెడతారు.

తూర్పుగాలి

అయితే ఆ ఫోటో చూసి ఎవరో ఒకరు ప్రతి శనివారం టైపు చేయాలి. ఎవరు చేస్తారన్నది ముందు తేల్చుకోండి.